శని నీచ, కుజుడు ఉచ్చ: పరివర్తన ఎంతవరకు కాపాడుతుందో తేల్చుకోవడం ఎలా?

1999 నవంబరు, డిసెంబరు నెలల్లో పుట్టినవాళ్ల జాతకాలు ఇప్పుడు పెళ్లి సంబంధాల కోసం చేతులు మారుతున్నాయి. కంప్యూటర్ తీసిన ఆ జాతకాల్లో గ్రహస్థితి పట్టిక చూడగానే 'శని: నీచ, వక్రి' అన్న మాట కంటపడుతుంది. తల్లిదండ్రుల గుండెలో రాయి పడుతుంది. మరో చోట చూపిస్తే, "ఏం ఫరవాలేదు, పరివర్తన ఉంది, నీచభంగమైపోయింది, రాజయోగం" అని పంపించేస్తారు. ఈ రెండు మాటల్లోనూ తొందరే ఉంది. పరివర్తన దోషాన్ని తగ్గిస్తుంది, నిజమే. ఎంత తగ్గిస్తుందో జాతకం జాతకానికీ మారుతుంది. దాన్ని తేల్చుకునే పద్ధతినే ఈ ఒక్క గ్రహస్థితి పట్టుకుని చెబుతాను.

పరివర్తన అంటే తెలిసిందే. ఒక గ్రహం రెండో గ్రహం ఇంట్లో, ఆ రెండోది మొదటిదాని ఇంట్లో ఉండటం. మన పల్లెల్లో కుండమార్పిడి పెళ్లిళ్లు ఉండేవి. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకునేవాళ్లు. నా కూతురు నీ ఇంట్లో ఉంది, నీ కూతురు నా ఇంట్లో ఉంది, కాబట్టి ఇద్దరం జాగ్రత్తగా ఉంటాం అన్నది అందులోని ధీమా. పరివర్తన ఇచ్చే రక్షణ సరిగ్గా ఇలాంటిదే. ఒక ఇంట్లో గొడవైతే రెండో ఇంటికి సెగ తగలడం కూడా ఇలాంటిదే.

మొదటి మెట్టు: పరివర్తన నిజంగా ఉందా?

రాశి చక్రం ముందు పెట్టుకోండి. మన చక్రంలో మేషం పై వరుసలో ఎడమ నుంచి రెండో గడి. మకరం ఎడమ అంచున పై నుంచి మూడో గడి. మేషంలో 'శ', మకరంలో 'కు' ఉంటే, మేషాధిపతి కుజుడు మకరంలో, మకరాధిపతి శని మేషంలో ఉన్నారు కాబట్టి పరివర్తన కుదిరినట్టే. రాశి చక్రంలోనే చూడాలి. భావ చక్రంలో గ్రహాలు పక్క గడికి జరుగుతాయి, అక్కడ కనిపించినదాన్ని పరివర్తన అనకూడదు. రాహుకేతువులను ఈ లెక్కలోకి తేవద్దు, వాటికి సొంత ఇల్లంటూ అందరూ ఒప్పుకున్నది లేదు.

తర్వాత డిగ్రీలు చూడండి. రెండింటిలో ఏ గ్రహమైనా రాశి మొదటి రెండు డిగ్రీల్లోనో చివరి రెండు డిగ్రీల్లోనో ఉంటే ఆగాలి. లాహిరి అయనాంశకూ రామన్ అయనాంశకూ మధ్య దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది. ఒక లెక్కలో ధనుస్సు చివర ఉన్న కుజుడు రెండో లెక్కలో మకరంలోకి వచ్చేస్తాడు, లేని పరివర్తన పుట్టుకొస్తుంది. పాత చేతిరాత జాతకం సూర్యసిద్ధాంత పంచాంగంతో వేసిందైతే దృక్ లెక్కతో మళ్లీ వేసి పోల్చండి.

చేతితో వేసిన చక్రంలో తప్పు పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు, శుక్రుడు సుమారు 47 డిగ్రీలు దాటడు. కాబట్టి రవి మిథునంలో, బుధుడు సింహంలో ఉండి పరివర్తన చెందడం ఆకాశంలో జరగని పని. రవి వృషభంలో, శుక్రుడు సింహంలో ఉండటమూ అంతే, కనీసం 60 డిగ్రీల ఎడం కావాలి. అలాంటిది కనిపిస్తే యోగం సంగతి తర్వాత, ముందు చక్రం దిద్దుకోండి.

మన ఉదాహరణకు వస్తే, లాహిరి లెక్కలో 1998 ఏప్రిల్ నుంచి 2000 జూన్ దాకా శని మేషంలో ఉన్నాడు. ఆ మధ్యలో కుజుడు మకరంలో ఉన్నది ఒక్కసారే, 1999 నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు చివరి వారం దాకా, దాదాపు 40 రోజులు. ఆ తర్వాత కుంభంలోకి పోయాడు. కుంభం కూడా శని ఇల్లే కాబట్టి పరివర్తన ఫిబ్రవరి మొదటి వారం వరకు సాగింది. పేరుకు ఒకటే పరివర్తన, బలంలో మాత్రం రెండు సగాలకూ పోలిక లేదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రెండో మెట్టు: ఏ ఇళ్లు మారాయి?

ఇక్కడ లగ్నం కావాలి. మంత్రేశ్వరుడి ఫలదీపిక పరివర్తనలను మూడు తెగలు చేసింది. 6, 8, 12 భావాల్లో ఏదో ఒకటి కలిస్తే దైన్యం, అవి 30. ఆ మూడూ కాకుండా తృతీయం కలిస్తే ఖలం, అవి 8. మిగిలిన 28 మహాయోగాలు. మొత్తం 66. ఇది కాగితం మీది లెక్క. మేషలగ్నానికి 1, 8 రెండూ కుజుడివే కదా, తనతో తాను పరివర్తన ఎలా చెందుతాడు? అలా ఏ లగ్నానికైనా ఐదు జంటలు ముందే రాలిపోతాయి.

ఒక గ్రహానికి రెండు ఇళ్లుంటే ఏ ఇల్లు లెక్కలోకి వస్తుందన్న దగ్గర చాలామంది తడబడతారు. అవతలి గ్రహం కూర్చున్న ఇల్లే మారిన ఇల్లు. రెండో ఇల్లు ఈ బేరంలో లేదు. దాని ఆధిపత్యం మాత్రం గ్రహంతోనే ఉంటుంది. ఈ మాట చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు 1999 డిసెంబరు 10 రాత్రి హైదరాబాద్‌లో తొమ్మిదింటికి ఒక బిడ్డ, పదకొండింటికి ఒక బిడ్డ పుట్టారనుకుందాం. ఆకాశం ఇద్దరికీ ఒకటే. శని మేషంలో 17 డిగ్రీల్లో వక్రించి ఉన్నాడు, పరమనీచ భాగ 20కి మూడు డిగ్రీల దూరంలోనే. కుజుడు మకరంలో 17 డిగ్రీలు, పక్కనే కేతువు. గురువు మేషం మొదట్లో, శుక్రుడు స్వక్షేత్రం తులలో, రవి బుధులు వృశ్చికంలో, చంద్రుడు ధనుస్సులో పూర్వాషాఢలో, రాహువు కర్కాటకంలో.

తొమ్మిదింటికి పుట్టిన బిడ్డది కర్కాటక లగ్నం. మేషం దశమం, మకరం సప్తమం. 7, 10 భావాల పరివర్తన, మహాయోగం. పదకొండింటి బిడ్డది సింహ లగ్నం. మేషం నవమం, మకరం షష్ఠం. 6, 9 భావాల పరివర్తన, దైన్యం. రెండు గంటల తేడాలో తెగే మారిపోయింది. ఆసుపత్రి కాగితం మీద పుట్టిన సమయం పావుగంట అటూ ఇటూ ఉందనిపిస్తే, లగ్నం మారే అంచు దగ్గర ఉన్నామేమో చూసుకోకుండా యోగం పేరు పలకొద్దు. ఆ రాత్రి కర్కాటకం దాటి సింహం వచ్చింది సుమారు పదిన్నరకి.

మూడో మెట్టు: ఆతిథ్యమిచ్చినవాడి బలం

నా దృష్టిలో అసలు తీర్పు ఇక్కడే ఉంది. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫలితానికి దూకుతారు. నీచలో ఉన్న గ్రహాన్ని కాపాడాల్సింది ఆ ఇంటి యజమాని. ఆయనే చితికిపోయి ఉంటే ఎవరిని కాపాడతాడు?

కుజుడు మకరంలో ఉచ్చలో ఉన్నాడు. అంటే నీచ శనికి ఆతిథ్యం ఇస్తున్నవాడు ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. పైగా కుజుడికి నాలుగో దృష్టి ఉంది, మకరం నుంచి లెక్కపెడితే మేషం నాలుగోది. తన ఇంటిని, అందులో ఉన్న శనిని తనే చూస్తున్నాడు. శనికి పదో దృష్టి ఉంది, మేషం నుంచి మకరం పదోది. ఆయనా తన ఇంటిని చూసుకుంటున్నాడు. పరివర్తనతో పాటు పరస్పర దృష్టి కూడా పడటం ఈ స్థితికున్న ప్రత్యేకత.

దీనికి చంద్ర కుజుల పరివర్తనను పోల్చి చూడండి. చంద్రుడు వృశ్చికంలో, కుజుడు కర్కాటకంలో ఉంటే ఇద్దరూ నీచే. దాన్ని కూడా 'డబుల్ నీచభంగం' అని మెచ్చుకునేవాళ్లున్నారు. ఇద్దరు అప్పులవాళ్లు ఒకరికొకరు జామీను ఉండటం లాంటిదది. సంతకాలు పడతాయి, డబ్బు పుట్టదు. వాళ్లలో ఒకరికి గురుదృష్టో, కేంద్ర బలమో బయటి నుంచి దొరికితేనే ఆ పరివర్తన నిలబడుతుంది.

ఇప్పుడు పైన వదిలేసిన రెండో సగం చూద్దాం. కుజుడు కుంభంలోకి వెళ్లగానే ఉచ్చ పోయింది. కుంభం నుంచి ఆయన 4, 7, 8 దృష్టులు వృషభం, సింహం, కన్యల మీద పడతాయి, మేషం మీద పడవు. శని దృష్టి కూడా కుంభం మీద లేదు. కాబట్టి 2000 జనవరిలో పుట్టినవాళ్లకు పరివర్తన ఒక్కటే ఆసరా. కర్కాటక లగ్నమైతే కుంభం అష్టమం కాబట్టి అదీ దైన్యమే. డిసెంబరు జాతకానికి చెప్పిన మాట జనవరి జాతకానికి అప్పజెప్పకూడదు.

కేతువు సంగతి కూడా దాచొద్దు. డిసెంబరు 10న కుజుడికి ఆరేడు డిగ్రీల దూరంలో కేతువు ఉన్నాడు. ఉచ్చ కుజుడి ఊపును అది మధ్యమధ్య తెంపుతుంది. నవాంశ చూస్తే శని కన్యలో మిత్రక్షేత్రంలో, కుజుడు మిథునంలో శత్రుక్షేత్రంలో ఉన్నారు. పరివర్తన నవాంశలో మళ్లీ రాలేదు. ఇక స్నేహం మాటకొస్తే కుజుడికి శని సముడే, శనికి కుజుడు శత్రువు. అన్నీ కలిపితే ఈ ఆతిథ్యం బలమైనదే కానీ ప్రేమతో పెట్టింది కాదు. అవసరం కొద్దీ ఒకరినొకరు నిలబెట్టుకుంటారు. ఫలితం వచ్చినా కష్టపెట్టే వస్తుంది.

నాలుగో మెట్టు: నీచభంగాన్ని విడిగా లెక్కపెట్టండి

పరివర్తన వేరు, నీచభంగం వేరు. రెండూ ఒకే గ్రహం మీద పడొచ్చు, అంతమాత్రాన ఒకే మాటను రెండుసార్లు చెప్పి బలం రెట్టింపైందనకూడదు. విడివిడిగా రాసుకోవాలి.

నీచభంగానికి ఎక్కువమంది ఒప్పుకునే షరతులు మూడు చూస్తే చాలు. నీచ పొందిన రాశికి అధిపతి లగ్నం నుంచి గానీ చంద్రుడి నుంచి గానీ కేంద్రంలో ఉండాలి. లేదా ఆ గ్రహానికి ఉచ్చస్థానమైన రాశి అధిపతి అలా కేంద్రంలో ఉండాలి. లేదా రాశ్యధిపతి దృష్టి నీచ గ్రహం మీద ఉండాలి. శనికి నీచ రాశి అధిపతి కుజుడు, ఉచ్చ రాశి తులకు అధిపతి శుక్రుడు.

కర్కాటక లగ్నం బిడ్డకు కుజుడు సప్తమంలో, కేంద్రం. శుక్రుడు చతుర్థంలో, స్వక్షేత్రం, అదీ కేంద్రమే. కుజదృష్టి ఎలాగూ ఉంది. మూడు షరతులూ తీరాయి. సింహ లగ్నం బిడ్డకు కుజుడు ఆరులో, శుక్రుడు మూడులో ఉన్నారు. చంద్రుడి నుంచి చూద్దామంటే ధనుస్సుకు మకరం రెండోది, తుల పదకొండోది. ఒక్క కేంద్రమూ దొరకలేదు. మిగిలింది దృష్టి ఒక్కటే. ఒకే శని, ఒకే పరివర్తన, కానీ ఒక బిడ్డకు మూడు వైపులా గోడలున్నాయి, రెండో బిడ్డకు ఒక వైపే.

శని వక్రంలో ఉండటం గురించి ఒక మాట. నీచలో వక్రించిన గ్రహం ఉచ్చ ఫలమిస్తుందని ఉత్తరకాలామృతం చెబుతుంది. దాన్ని అంత పూర్తిగా నేను వాడను. వక్రగతి వల్ల గ్రహానికి పట్టుదల పెరుగుతుందని, చేసిన పనినే మళ్లీ చేయిస్తుందని మాత్రం తీసుకుంటాను. మీ గురుపరంపర వేరుగా చెబితే అదే పాటించండి, కానీ ఒక జాతకానికి ఒక పద్ధతి, ఇంకోదానికి ఇంకోటి వాడకండి.

ఐదో మెట్టు: ఏది బాగుపడింది, ఏది పడలేదు?

పరివర్తన ఇంటిని బాగుచేస్తుంది. గ్రహం కారకత్వాన్ని అంతగా బాగుచేయదు. ఈ గీత గీసుకోకపోతే ఫలితం ఎప్పుడూ ఎక్కువే చెబుతాం.

కర్కాటక లగ్నం జాతకంలో బాగుపడినవి దశమం, సప్తమం. దశమంలో నీచ శని ఒక్కడే ఉంటే ఉద్యోగంలో చేరడం ఆలస్యం, పైవాడి కింద నలగడం, చేసిన పనికి పేరు ఇంకొకరికి పోవడం అని చెబుతాం. పరివర్తన వల్ల ఆ మొదటి భాగం జరిగినా అక్కడే ఆగిపోదు. దశమాధిపతి కుజుడు సప్తమంలో ఉచ్చలో ఉన్నాడు కాబట్టి పని ముందుకు కదిలేది ఎదుటి మనిషి ద్వారా: భాగస్వామి, ఒప్పందం, పెళ్లి తర్వాత మారే ఊరు. యంత్రాలు, నిర్మాణం, రక్షణ శాఖల పనులు కుజ శనులిద్దరికీ కలిసే చోట్లు. అలాగే సప్తమాధిపతి దశమంలో ఉన్నాడు కాబట్టి జీవిత భాగస్వామికి ఉద్యోగమే ముఖ్యం కావొచ్చు, ఇంట్లో మాటలు ఆఫీసు చుట్టూ తిరగొచ్చు. గురువు కూడా మేషంలోనే ఉన్నాడు. భాగ్యాధిపతి కాబట్టి తోడ్పడతాడు, షష్ఠాధిపతి కూడా కాబట్టి పోటీ తెస్తాడు.

బాగుపడనివి రెండున్నాయి. ఒకటి కుంభం. శని అష్టమాధిపతి కూడా, ఆ ఇల్లు బేరంలోకి రాలేదు. అది చూసుకోవాల్సిన యజమాని పరమనీచకు మూడు డిగ్రీల దూరంలో ఉన్నాడు. వారసత్వపు పేచీలు, అత్తవారి వైపు డబ్బు విషయాలు ఈ పరివర్తన చూపించి తేలిగ్గా కొట్టిపారేయకండి. రెండోది శని సొంత కారకత్వాలు: మోకాళ్లు, ఎముకలు, కింద పనిచేసే మనుషులు, ఓపిక. అక్కడ శని నీచ శనిలాగే పలుకుతాడు.

సింహ లగ్నం బిడ్డకు ఇది తిరగబడుతుంది. నవమం బాగుపడటానికి షష్ఠం మీద ఆధారపడింది. తండ్రి ఆస్తి కోర్టు మెట్లెక్కి రావడం, పైచదువు అప్పుతో సాగడం లాంటివి దైన్యం చూపే రూపాలు. కానీ ఆరులో ఉచ్చ కుజుడు ఓడిపోయేవాడు కాదు. పాపగ్రహం ఆరింట బలంగా ఉంటే శత్రువు మీద గెలుస్తుంది. పోటీ పరీక్షలు ఈ బిడ్డకు కలిసొస్తాయి. దైన్యమన్న పేరు విని బెదిరిపోవడం ఎంత తప్పో, మహాయోగమన్న పేరు విని పొంగిపోవడమూ అంతే.

పెళ్లి కోసం చూస్తున్నప్పుడు తప్పక వచ్చే ప్రశ్న కుజదోషం. కర్కాటక లగ్నానికి సప్తమ కుజుడు దోషమే కదా అంటారు. ఇక్కడ దోషం తగ్గడానికి కుజుడి ఉచ్చ, ఆ లగ్నానికి 5, 10 ఆధిపత్యాలతో ఆయన యోగకారకుడు కావడం ముఖ్య కారణాలు. పరివర్తనను మూడో కారణంగా వేసుకోండి, మొదటిదిగా కాదు. శని దృష్టి సప్తమం మీదే పడుతోంది కాబట్టి ఆలస్యం మాత్రం ఉంటుందని ముందే చెప్పడం మంచిది.

ఆరో మెట్టు: ఎప్పుడు?

పరివర్తన దశలో తేలుతుంది. రెండు గ్రహాల్లో ఒకటి మహాదశ, రెండోది అంతర్దశ అయిన కాలం చూడండి. తొమ్మిదింటి బిడ్డకు పూర్వాషాఢ కాబట్టి శుక్రదశలో జననం, మిగిలింది రమారమి నాలుగున్నర ఏళ్లు. తర్వాత రవి 6, చంద్రుడు 10 గడిస్తే కుజ మహాదశ 2020 ప్రాంతంలో మొదలై 2027 దాకా నడుస్తుంది. అందులో శని అంతర్దశ 13 నెలల తొమ్మిది రోజులు, 2023 ప్రాంతంలో.

మీ చేతిలోని జాతకం సరిగ్గా చదివారో లేదో పరీక్షించుకునే చోటు ఇదే. ఆ నెలల్లో ఏం జరిగిందో అడగండి. ఉద్యోగం మారడమో, భాగస్వామ్యమో, సంబంధం కుదిరి చెడటమో, మళ్లీ కుదరడమో 7, 10 భావాలకు చెందినది ఏదో ఉండాలి. అసలేమీ కదల్లేదంటే యోగాన్ని ఇంకా పొగడకండి, పుట్టిన సమయం దగ్గరికి వెనక్కి వెళ్లండి. సింహ లగ్నం అయ్యుంటే అదే అంతర్దశలో అప్పు, వ్యాజ్యం, తండ్రి ఆరోగ్యం, పోటీ పరీక్ష లాంటివి కనిపిస్తాయి. ఈ రెండు రకాల జవాబులూ కలగలిసి వస్తే లగ్నం అంచున ఉన్న జాతకమేమో చూడండి. రెండు గంటల ఎడంలో చంద్రుడు దాదాపు ఒక డిగ్రీ జరుగుతాడు, శుక్రదశ శేషం అక్కడే ఏడాదిన్నర తగ్గుతుంది. కాబట్టి పదకొండింటి బిడ్డకు ఈ తేదీలన్నీ ఏడాదిన్నర ముందే వచ్చినట్టు లెక్కవేసి అడగాలి.